పాదం మీద చెప్పు గీసిన గీత
(బొమ్మనహళ్ళిలో తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠం)



నా ఉద్యోగం అనువాదం. కన్నడంలో వెలువడే ప్రకటనలను తెలుగులోకి, తెలుగువారు తెచ్చే అర్జీలను కన్నడంలోకి మార్చడం నా పని. అప్పుడప్పుడు ఆరోగ్య శిబిరాలలో వైద్యులకూ మనవారికీ నడుమ మాట అందించవలసి వస్తుంది. ఈనాటి ప్రసంగానికి మూలం అటువంటి ఒక శిబిరంలో నేను చేసిన పొరపాటు.

మదనపల్లె ప్రాంతం నుంచి వచ్చి ఇక్కడి ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తున్న ఒక సోదరి, పాదాల మీద ఆరు నెలలుగా దురదతో బాధపడుతూ వచ్చింది. తన జబ్బును ఆమె "గజ్జి" అన్నది. నేను ఆలోచించకుండా "కజ్జి" అని కన్నడంలో అందించాను. గజ్జి అనేది చర్మంలో దూరే సూక్ష్మమైన పురుగు వల్ల ఒకరి నుంచి మరొకరికి అంటుకొనే వ్యాధి. మన ఇళ్ళలో మాత్రం దురద పెట్టే ప్రతి పుండునూ గజ్జి అనో తామర అనో అనడం వాడుక. వైద్యురాలు నా మాటను పక్కన పెట్టి, ఆమె పాదాలను వెలుతురులోకి జరపమన్నారు. చూసిన తరువాత అడిగిన మొదటి ప్రశ్న మందుల గురించి కాదు. "నీ చెప్పులు ఏవి?" అని అడిగారు.

చెప్పులు గుమ్మం బయట ఉన్నాయి. నీలం పట్టీల హవాయి చెప్పులు. వాటిని తెప్పించి ఆమె పాదాల పక్కన పెట్టగానే నాకు కూడా విషయం అర్థమైంది. దద్దురు బొటనవేలికీ పక్క వేలికీ నడిమి సందులో మొదలై, అక్కడి నుంచి రెండు పాయలుగా చీలి, పాదానికి ఇరువైపులా దిగింది. రెండు పాదాల మీదా ఒకే తీరు. చెప్పు పట్టీ ఎంత మేర తాకుతుందో అంత మేరకే చర్మం నల్లబడి, మందమై, పొలుసులు లేచి ఉన్నది.

దీనిని స్పర్శ వల్ల కలిగే అలర్జీ అంటారు. ఇది అంటువ్యాధి కాదు. ఒకరి చెప్పులు మరొకరు తొడిగినంత మాత్రాన సోకదు. రబ్బరు పాలను గంధకంతో కలిపి వేడి చేస్తేనే అది సాగి, మన్నే రబ్బరు అవుతుంది. ఆ చర్య త్వరగా జరగడానికి కర్మాగారంలో కొన్ని రసాయనాలు కలుపుతారు. మెర్కాప్టోబెంజోథయజోల్, థైరామ్ అనేవి వాటిలో ముఖ్యమైనవి. చెప్పు తయారైన తరువాత కూడా వీటి శేషం కొంత రబ్బరులోనే ఉండిపోతుంది. చెమట పట్టినప్పుడు, వానలో తడిసినప్పుడు, పట్టీ ఒరుసుకున్నప్పుడు అది చర్మంలోకి దిగుతుంది. అందరికీ ఇది హాని చేయదు. కొందరి శరీరం మాత్రం దానిని శత్రువుగా గుర్తు పెట్టుకుంటుంది. ఒకసారి గుర్తు పెట్టుకున్న తరువాత సాధారణంగా జీవితాంతం మరచిపోదు.

ఇక్కడ మనవారు మోసపోయే చోటు ఒకటి ఉన్నది. "ఈ చెప్పులు ఇవాళ కొత్తగా వేసుకున్నవి కావు, ఏళ్ళ తరబడి ఇవే వాడుతున్నాను" అని ఆ సోదరి కూడా వాదించింది. ఏళ్ళ తరబడి హాయిగా వాడిన వస్తువు మీద కూడా ఒకనాడు అలర్జీ మొదలు కావచ్చును. పైగా అది తాకిన వెంటనే కనిపించదు. సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల తరువాత దద్దురు లేస్తుంది. అందువల్ల కారణం చెప్పు అని తోచదు. నిన్న తిన్న వంకాయ మీద, మొన్నటి గోంగూర మీద నేరం మోపుతాము. ఆమె నాలుగు నెలలుగా వంకాయ మానేసి, అవే చెప్పులు వేసుకొని ఫ్యాక్టరీకి నడుస్తున్నది.

రెండవ మోసం మందుల దుకాణంలో జరుగుతుంది. ఫంగస్ మందు, స్టెరాయిడ్ మందు కలిపిన పూతమందును చీటీ లేకుండా కొని తెచ్చుకుంటాము. స్టెరాయిడ్ వల్ల అలర్జీ నాలుగు రోజులు అణుగుతుంది. చెప్పు మారలేదు కనుక మందు ఆపగానే తిరిగి లేస్తుంది. ఒకవేళ అది నిజంగా ఫంగస్ వల్ల వచ్చిన తామర అయితే, అదే స్టెరాయిడ్ దాని రూపును చెరిపివేసి, లోలోపల దానిని పెంచుతుంది. అప్పుడు నిపుణులకు కూడా గుర్తించడం కష్టమవుతుంది.

మరి ఈ రెంటినీ వేరు చేయడం ఎలా? దద్దురు ఎక్కడ ఉన్నది, ఎక్కడ లేదు అని రెండూ చూడాలి. ఫంగస్ చాలా సార్లు చిటికెన వేలికీ దాని పక్క వేలికీ మధ్య మొదలవుతుంది. అక్కడ చర్మం నాని, తెల్లబడి, వాసన వేస్తుంది. తరచు ఒక పాదంలో ఎక్కువగా, మరొక పాదంలో తక్కువగా ఉంటుంది. మూసి ఉన్న బూట్ల వల్ల వచ్చే అలర్జీ బొటనవేలి పైభాగాన, పాదం పైభాగాన లేచి, వేళ్ళ సందులను మాత్రం వదిలివేస్తుంది, ఎందుకంటే ఆ సందులను బూటు తాకదు. అట్టలోని రబ్బరు కారణమైతే మడమ, ముంగాలు వంటి బరువు మోపే చోట్ల దద్దురు వచ్చి, అరికాలి నడిమి గుంట తేటగా మిగులుతుంది. హవాయి చెప్పులు బొటనవేలి సందును పట్టుకుంటాయి, ఎందుకంటే పట్టీ మొన అక్కడే దిగి ఉంటుంది. అయితే రెండు జబ్బులూ ఒకే పాదంలో ఉండవచ్చును కనుక, ఈ గుర్తులు వైద్యుని దగ్గరకు దారి చూపేవే గాని తీర్పు కావు.

తీర్పు చెప్పేది ప్యాచ్ టెస్టు. అనుమానించిన పదార్థాలను చాలా కొద్ది పాళ్ళలో చిన్న చిన్న బిళ్ళల మీద పెట్టి వీపు పైభాగాన అంటిస్తారు. సూది గుచ్చరు, నొప్పి ఉండదు. రెండు రోజుల పాటు ఆ బిళ్ళలు తడవకూడదు, చెమట పట్టే బరువు పని చేయకూడదు. రెండు రోజుల తరువాత బిళ్ళలు తీసి చూస్తారు. మూడవ లేదా నాలుగవ రోజున మరల చూస్తారు. ఆ రెండవ చూపును మనవారు సెలవు దొరకదని ఎగ్గొడుతూ ఉంటారు. ఆలస్యంగా తేలే అలర్జీ అప్పుడే బయటపడుతుంది కనుక దానిని వదలకూడదు. ఆ సోదరి వీపున మెర్కాప్టోబెంజోథయజోల్ పెట్టిన చోట ఎర్రని దద్దురు లేచింది. ఆ పేరు రాసిన చీటీని ఆమె ఇప్పటికీ దాచుకున్నది. మీరు కూడా మీకు తేలిన పేరును రాయించుకొని దాచుకోండి, ఎందుకంటే అదే రసాయనం రబ్బరు చేతితొడుగులలో కూడా ఉండవచ్చును.

రబ్బరు సంగతి ఇది. తోలు సంగతి వేరు. ఒకప్పుడు మన ప్రాంతాలలో తోలును తంగేడు చెక్కతో, కరక్కాయతో పదును చేసేవారు. దానికి వారాల కాలం పట్టేది. నేడు అధికభాగం తోలును క్రోమియం లవణాలతో ఎంతో తక్కువ కాలంలో పదును చేస్తున్నారు. ఆ క్రోమియంలో కొంత మారి తీవ్రమైన రూపం దాల్చినప్పుడు అది చెమటలో కరిగి అలర్జీ కలిగిస్తుంది. అందువల్లనే ఐరోపా సమాఖ్య 2015 నుంచి చర్మాన్ని తాకే తోలు వస్తువులలో ఆ రూపాన్ని కిలోకు 3 మిల్లీగ్రాములకు పరిమితం చేసింది. అదే క్రోమియం సిమెంటులో కూడా ఉంటుంది. ఈ చుట్టుపక్కల కట్టడాలలో పనిచేసే మన తాపీమేస్త్రీలు, కూలీలు ఈ మాట మనసులో పెట్టుకోవాలి. సిమెంటు వల్ల చేతులకు అలర్జీ వచ్చినవారికి తోలు బూట్లు పాదాలకు కూడా పడకపోవచ్చును. చేతుల జబ్బు, పాదాల జబ్బు రెండనుకొని రెండు మందులు వాడుతూ ఉంటారు. కారణం మాత్రం ఒకటే.

ఇక ఏమి తొడగాలి? రబ్బరు పడనివారికి ఒకే అచ్చులో పోసిన ప్లాస్టిక్ చెప్పులు చాలావరకు మేలు. వాటిలో అతుకులు లేవు కనుక జిగురు బెడద కూడా ఉండదు. జిగురులోని రసాయనాలు కూడా కొందరికి పడవు. తోలు పడనివారికి కూడా ఇవే పనికివస్తాయి. క్రోమియం మాత్రమే పడనివారు చెట్ల చెక్కలతో పదును చేసిన తోలు చెప్పులు వాడవచ్చును. మన కర్ణాటకలోని అథణి వైపు చేసే కొల్హాపురి చెప్పులు సంప్రదాయంగా అటువంటి తోలుతో చేసినవే. అయితే బజారులో ఆ పేరుతో అమ్మేవన్నీ అలా చేసినవి కావు, అడిగి కొనాలి. గుడ్డ బూట్లు తోలు లేనివే గాని, వాటి అట్ట రబ్బరు, అతుకు జిగురు. రబ్బరు పడనివారికి అవి రక్షణ కావు. పాత మేజోళ్ళలో కూడా రబ్బరు రసాయనం పట్టి ఉండి ఉతికినా పోకపోవచ్చును కనుక, చెప్పులతో పాటు వాటినీ మార్చాలి. కట్టడం పనిలో, పారిశుద్ధ్యపు పనిలో ఉన్నవారు రక్షణ బూట్లు మానివేయరాదు. రబ్బరు, తోలు లేని ప్లాస్టిక్ గమ్ బూట్లు కావాలని వైద్యుని చీటీతో యజమానిని అడగాలి. దద్దురు తగ్గేదాకా వట్టి కాళ్ళతో తిరగడం కూడా మంచిది కాదు, మధుమేహం ఉన్నవారికి మరీ ప్రమాదం. చీము, జ్వరం, ఎరుపు పైకి పాకడం కనిపిస్తే ఆనాడే ఆసుపత్రికి వెళ్ళాలి.

చివరగా ఆ సోదరిని అన్నింటికంటే ఎక్కువగా భయపెట్టిన సంగతి. చెప్పులు మార్చి, మందు రాసిన కొన్ని వారాలలో దురద తగ్గింది. కాని పట్టీ తాకిన చోట చర్మం తెల్లబడింది. ఇరుగుపొరుగు వారు అది కుష్ఠు అన్నారు. ఇంట్లో ఆమె పళ్ళెం వేరు చేశారు. రబ్బరు వల్ల చర్మపు రంగు పోవడం వైద్యులకు చాలా కాలంగా తెలిసిన సంగతే. 1939లోనే అమెరికాలో ఒక తోళ్ళ కర్మాగారపు కార్మికుల చేతుల మీద ఇటువంటి తెల్లమచ్చలు వస్తే, కారణం వారి రబ్బరు చేతితొడుగులలో కలిపిన ఒక రసాయనమని తేల్చారు. ఇటువంటి మచ్చలో స్పర్శ పోదు. దూదితో తాకితే తెలుస్తుంది. రంగు కొందరికి నెలల మీద తిరిగి వస్తుంది, కొందరికి పూర్తిగా రాదు. ఏ మచ్చలోనైనా స్పర్శ తెలియకపోతే అది కుష్ఠు కావచ్చును, దానికి ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా మందు ఇస్తారు, నయమవుతుంది. ఏది ఏదో చెప్పవలసినది వైద్యుడే. పొరుగువారు కాదు. ఈ మాటలన్నీ ఆ రోజు ఆమె ఇంటివారికి తెలుగులో చెప్పినది నేనే. ఈసారి మాట తప్పు పోకుండా జాగ్రత్తపడ్డాను.

కాబట్టి నా విన్నపం చిన్నది. వైద్యుని దగ్గర జబ్బుకు మీరు పేరు పెట్టవద్దు. ఎక్కడ మొదలైంది, ఎన్నాళ్ళయింది, ఏమి రాశారు అన్నది చెప్పండి, రాసిన మందు గొట్టాన్ని కూడా చూపండి. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వెళ్ళడం మన మర్యాద. ఆ ఒక్కనాడు మాత్రం మీరు ఇంట్లో, పనిలో తొడిగే జతలన్నీ ఒక సంచిలో వేసుకొని లోపలికి తీసుకువెళ్ళండి.