కట్టింది 9,500, మిగిలింది 500… మరి 400 రూపాయల వడ్డీ ఎక్కడిది?

క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్‌లో Finance Charges అని ఓ లైన్ ఉంటది. ఈరోజు దాని సంగతే చూద్దాం.

జూన్ 1న బాన్సువాడలో ఒకతను 10,000 పెట్టి కార్డు మీద ఫోన్ కొన్నాడనుకోండి. బిల్లు జూన్ 10న వచ్చింది, గడువు 30. ఆ రోజు 9,500 కట్టాడు. 500కి మహా అయితే 20 రూపాయల వడ్డీ పడుతదిలే అనుకుంటాడు కదా? జూలై 10 బిల్లులో జీఎస్టీతో కలిపి దాదాపు 400 కనిపిస్తది!

పూర్తిగా కట్టకపోతే వడ్డీ లేని గడువే పోతుంది. నెలకు 3.5 శాతం అనుకుంటే, 10,000 మీద కొన్న రోజు నుంచి 29 రోజులకు 334, మిగిలిన 500 మీద 10 రోజులకు 6. పైన 18 శాతం జీఎస్టీ 61. ఇది తప్పు చార్జీ కాదు, కానీ చాలామంది తప్పనే అనుకుంటారు.

మరి తప్పు ఎప్పుడు? పాత బిల్లుల్లో Total Amount Due మొత్తం గడువులోపే కట్టినా వడ్డీ పడితే. అందుకే వెనకటి రెండు స్టేట్‌మెంట్లు పక్కన పెట్టుకోండి. పోయిన నెల బాకీ ఉంటే, ఈ నెల మొత్తం కట్టినా కొంచెం వడ్డీ రావచ్చు.

ఒకే షాపు, ఒకే మొత్తం రెండుసార్లు ఉందా? కింద రీఫండ్ పడిందేమో ముందు చూడండి. లేకపోతే బ్యాంకుకు మెయిల్ పెట్టండి. ఆర్‌బీఐ రూల్ ప్రకారం 30 రోజుల్లోపు వివరణ ఇవ్వాలి. ఇవ్వకుంటే cms.rbi.org.in లో ఫిర్యాదు చేయొచ్చు.