పన్నెండు అంకెలు

మార్కాపురం పలకల బేరానికో, గిద్దలూరులో బోరు మోటారు బాగుచేయించడానికో ఒక్కసారి వాట్సాప్ సందేశం పంపాలి. అంతమాత్రానికి అవతలివారి నంబరును ఫోన్‌లో దాచుకోనక్కర్లేదు. బ్రౌజర్ అడ్రసు గడిలో ఇలా కొట్టండి, X ఉన్నచోట వారి పది అంకెలు వేసి:

```
https://wa.me/91XXXXXXXXXX
```

ఎంటర్ నొక్కితే చాట్ తెరుచుకుంటుంది.

ఇక్కడ 91 మన దేశం కోడ్. దాని ముందు ప్లస్ గుర్తు, సున్నాలు వద్దు. అంకెల మధ్య గీతలు, ఖాళీలు కూడా వద్దు. దుకాణం బోర్డు మీద పది అంకెల ముందు సున్నా రాసి ఉంటే దాన్ని వదిలేయండి.

91 మరిచిపోతే ఏమవుతుంది? 94తో మొదలయ్యే మన నంబరు శ్రీలంకదిగా, 98తో మొదలయ్యేది ఇరాన్‌దిగా లెక్కకొస్తుంది. ఆ నంబరుకు వాట్సాప్ లేదనే మాట రావచ్చు. చాలామంది తడబడేది 91తోనే మొదలయ్యే పది అంకెల నంబరు దగ్గర. కోడ్ ఉందిలే అనుకుంటారు. అది నంబరులో భాగమే, ముందు మరో 91 చేర్చాల్సిందే. మొత్తం పన్నెండు అంకెలు రావాలి.

సందేశం పంపగానే మీ నంబరు అవతలివారికి కనిపిస్తుంది. అందుకే పంపే ముందు అంకెలు ఒక్కసారి లెక్కపెట్టుకోండి.