మట్టి చట్టి ఎందుకు పగులుతుంది?



రొంపిచెర్లలో ఒక ఇల్లు ఉందనుకోండి. ఆ ఇంటి కోడలు కుమ్మరి దగ్గర కొత్త చట్టి కొన్నది. చేపల పులుసు చట్టిలోనే బాగుంటుందని అందరూ అంటారు కదా! ఆ సాయంత్రమే పులుసు పెట్టింది. చట్టిని గ్యాస్ పొయ్యి మీద పెట్టి మంట పూర్తిగా తిప్పింది. కాసేపటికి టక్కుమని చప్పుడైంది. చట్టి అడుగున గీత పడింది. పులుసు కారి మంట ఆరిపోయింది. గ్యాస్ మాత్రం వస్తూనే ఉంది. అత్తగారు పరుగున వచ్చి సిలిండరు కట్టేసింది. చేపలు పోయాయి, చట్టి పోయింది. ఎవరికీ కాలలేదు, అది నయం.

"మా కాలంలో ఒక్క చట్టి ఏళ్ల తరబడి వచ్చేదే!" అన్నది అత్తగారు.

ఆమె చెప్పింది నిజమే. అయితే అప్పటి మంట వేరు. పాలు దాలిలో కాగేవి. పిడకల నిప్పు మీద గంటల తరబడి, పైకి మంట లేకుండా, నెమ్మదిగా ఎర్రబడేవి. కూర కుండ కింద కంది కట్టె, పత్తి కట్టె కాలేది. ముందు సన్న మంట, తర్వాత నిప్పులు. కుండ అడుగంతా ఒకే తీరుగా వేడెక్కేది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం వచ్చింది. అప్పటినుంచి ఎన్నో ఇళ్లలోకి గ్యాస్ పొయ్యి వచ్చింది. పొగ తగ్గింది. కళ్ల మంట తగ్గింది. కాని గ్యాస్ మంట చిన్న చోట గట్టిగా తగులుతుంది. చట్టికి ఆ తేడా తెలుస్తుంది.

ఎలా తెలుస్తుంది? ఏ వస్తువైనా వేడి తగిలితే కొంచెం సాగుతుంది. అల్యూమినియం గిన్నెలో వేడి ఒకచోట తగిలినా గిన్నెంతా త్వరగా పాకుతుంది. మట్టిలో అలా పాకదు. మంట తగిలిన చోట మట్టి సాగుతుంది. పక్కనున్న మట్టి ఇంకా చల్లగా ఉంటుంది, అది సాగదు. ఒకటి సాగుతాను అంటుంది, ఇంకొకటి సాగను అంటుంది. ఆ గుంజులాటలో గీత పడుతుంది. చట్టి పగిలేది వేడికి కాదు, ఆ తేడాకు. వేడి చట్టిలో చన్నీళ్లు పోసినా ఇదే జరుగుతుంది.

కోడలు మళ్లీ కుమ్మరి దగ్గరకు వెళ్లింది. ఈసారి అత్తగారు కూడా వెళ్లింది. చట్టిని చేత్తో ఎత్తి, వేలి కణుపుతో కొట్టి చూసింది. ఖంగున మోగితే మంచిది. బొద్దుగా మోగితే ఎక్కడో గీత ఉన్నట్లు, లేదా సరిగా కాలనట్లు. అడుగు గుండ్రంగా ఉన్నదాన్ని తీసుకుంది. గుండ్రటి అడుగుకు మూలలు ఉండవు కాబట్టి గుంజులాట తక్కువ. వంట చట్టి మట్టిలో కుమ్మరి ఇసుక కలుపుతాడు. అది వేడిని ఓర్చుకుంటుంది. అందుకే నీళ్ల కుండ కొని దాంట్లో వండకూడదు. రంగులు వేసి నిగనిగలాడించినవీ వంటకు వద్దు. ఆ రంగులో ఏముందో మనకు తెలియదు.

ఇంటికి తెచ్చి చట్టిని ఒక రోజంతా నీళ్లలో ముంచి ఉంచారు. మొదట బుడబుడమని బుడగలు వచ్చాయి. మట్టిలోని సన్న రంధ్రాల్లోకి నీళ్లు పోతున్నాయన్నమాట. మర్నాడు బయటికి తీసి తుడిచి నీడన ఆరబెట్టారు. తర్వాత సగానికి పైగా బియ్యం గంజి పోసి, అతి సన్న మంట మీద అరగంట కాచారు. గంజిలోని పిండి ఆ రంధ్రాల్లో చేరి వాటిని పూడుస్తుంది. పొయ్యి కట్టేసి, గంజిని చట్టిలోనే చల్లారనిచ్చారు. మూడు రోజులు ఇలాగే చేశారు. నాలుగో రోజు లోపల నూనె రాసి ఎండలో పెట్టారు. ఇది తొందరపడే పని కాదు.

ఇప్పుడు పులుసు. అర కిలో శీలావతి ముక్కలు. నిమ్మకాయంత చింతపండు. దాన్ని వేడినీళ్లలో నానబెట్టింది కోడలు. చన్నీళ్ల పులుసు వేడి చట్టిలో పోయకూడదు కదా! ముక్కలు ఫ్రిజ్‌లో ఉంటే ముందే తీసి బయట పెట్టాలి.

పొయ్యి మీద నేరుగా చట్టి పెట్టలేదు. పాత ఇనప పెనం పెట్టి, దాని మీద చట్టి పెట్టింది. మంట పెనానికి తగులుతుంది. పెనం ఆ వేడిని నలువైపులా పంచుతుంది. గుండ్రటి చట్టి కదలకుండా ఉందో లేదో తాకి చూసుకుంది.

చట్టి చల్లగా ఉండగానే నూనె పోసింది. నూనె, చట్టి కలిసి వేడెక్కాలి. ఖాళీ చట్టిని కాల్చకూడదు. మంట సిమ్‌లో పెట్టి ఏడెనిమిది నిమిషాలు అలాగే వదిలేసింది. ఆవాలు వేస్తే ఒకటి రెండు చిటపటలాడాయి. అప్పుడు ఉల్లిపాయలు, పచ్చిమిర్చి వేసింది. ఇప్పుడు మంట సగానికి పెంచింది. అంతకు మించి పెంచలేదు. మంట పెనం దాటి చట్టి పక్కలకు ఎక్కితే అది ఎక్కువైనట్లే. కారం, ఉప్పు, పసుపు వేసి, గోరువెచ్చని పులుసు నీళ్లు కొంచెం కొంచెంగా పోసింది.

ఇక్కడే తొందర పుడుతుంది. అల్యూమినియం గిన్నెలో ఏడెనిమిది నిమిషాలకు తెర్లే పులుసు, చట్టిలో పదిహేను నిమిషాలు తీసుకోవచ్చు. "ఇంకా కాగలేదే" అని మంట పెంచితే మళ్లీ టక్కుమంటుంది. చట్టి వేడెక్కడం ఆలస్యం. అలాగే చల్లారడమూ ఆలస్యం. ఈ రెండో సంగతి చాలామంది మరిచిపోతారు.

పులుసు తెర్లాక చేప ముక్కలు వేసింది. గిన్నెలో అయితే పది నిమిషాలు ఉడకాలి. చట్టిలో ఆరేడు నిమిషాలకే పొయ్యి కట్టేసింది. కట్టేసినా పులుసు కుతకుతలాడుతూనే ఉంది. నాలుగైదు నిమిషాలు అలాగే ఉడికింది. మిగిలిన ఉడుకు ఆ వేడికే అయిపోయింది. ముక్క ఎముక నుంచి తేలిగ్గా విడిపోతే ఉడికినట్లు. అలా విడవకపోతే ఇంకో రెండు నిమిషాలు సన్న మంట చాలు. గిన్నె లెక్కన పది నిమిషాలూ మంట పెడితే ముక్కలు చెదిరి పులుసులో కలిసిపోయేవి.

దించేటప్పుడు పొడి మసిగుడ్డ వాడాలి. తడి గుడ్డ పట్టుకుంటే చట్టికీ ప్రమాదమే, చేతికీ ప్రమాదమే. తడిలో నుంచి ఆవిరి వచ్చి కాలుతుంది. వేడి చట్టిని తడి గచ్చు మీద పెట్టకూడదు. గడ్డి కుదురో, చెక్క పలకో ఉండాలి.

కడగడానికీ తొందర పనికిరాదు. చట్టి పూర్తిగా చల్లారాక గోరువెచ్చని నీళ్లు, బూడిద, కొబ్బరి పీచు చాలు. సబ్బు పెడితే అది రంధ్రాల్లోకి పోతుంది. తర్వాత వండే కూరలో ఆ వాసన వస్తుంది. కడిగాక ఎండలో బోర్లించి బాగా ఆరనివ్వాలి. తడి ఉండగా దాచితే బూజు పడుతుంది. తడి చట్టిని పెద్ద మంట మీద పెట్టినా లోపలి తడి ఆవిరై మట్టిని తోస్తుంది. చేపల చట్టి చేపలకే. దాంట్లో పప్పు వండితే నీచు వాసన వస్తుంది. కరెంటుతో నడిచే ఇండక్షన్ పొయ్యి మీద మట్టి చట్టి వేడెక్కదు. దానికి అయస్కాంతం అంటుకునే అడుగు కావాలి.

వాడుతూ ఉంటే చట్టి అడుగు నల్లబడుతుంది. అది చెడిపోయినట్లు కాదు. గీత పడిందా అన్నది వేరే గుర్తుల వల్ల తెలుస్తుంది. పొయ్యి మీద చుయ్‌చుయ్ మని చప్పుడు వస్తుంది. బయటివైపు తడి చార కనిపిస్తుంది. కొట్టి చూస్తే బొద్దుగా మోగుతుంది. అప్పుడు ముందు పొయ్యి కట్టేయాలి. కూరను వెంటనే వేరే గిన్నెలోకి వంచాలి. సిమెంటుతోనో, లప్పంతోనో పూడ్చి మళ్లీ వండకూడదు, వేడికి అది ఊడి కూరలో పడుతుంది. అలాంటి చట్టిలో మట్టి పోసి కొత్తిమీర నాటుకోవచ్చు. గీత ఉంది కాబట్టి నీళ్లు నిలవవు, మొక్కకు అదే మంచిది.