అంచులు తెగిన దరఖాస్తు నింపించినప్పుడు మాకు తెలిసొచ్చినవి

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం లీడర్ చేసిన ప్రసంగం)



పొదుపులు, లోన్లు, రికవరీల గురించి ముందు మాట్లాడిన అక్కలు చెప్పిండ్రు. మేము ఈ ఏడాది చేసిన ఒక్క పని గురించే చెప్తాం. అందులో మేము చేసిన తప్పు కూడా ఉన్నది, దాన్ని దాచకుండా చెప్తాం.

2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 దాకా ప్రజాపాలన దరఖాస్తులు తీసుకున్నది మీకందరికీ యాదికున్నదే. మహాలక్ష్మి, రైతు భరోసా, గృహజ్యోతి, ఇందిరమ్మ ఇళ్లు, చేయూత, ఐదింటికీ కలిపి ఒకటే ఫారం. ఫారం ఊర్లోనే ఉచితంగా ఇస్తరని చెప్పినా, జనం ఆగలే. ఒకరి ఫారాన్ని ఫోన్‌తో ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుడు, దాన్ని ఇంకొకరు ప్రింటు తీసుడు, ఆ ప్రింటును మళ్లీ జిరాక్స్ చేసుడు. నాలుగు చేతులు మారేసరికి అంచులు పోయినయి, అక్షరాలు అలుక్కుపోయినయి.

మా సంఘంలో ఒక అక్క ఊరికి దూరంగా తండాలో ఉంటది. భర్త చనిపోయి ఏడాదిన్నర అయితుండె, కూలికి పోతది, చదువు రాదు. ఇంటర్ చదివే బిడ్డ ఉన్నది. వాళ్ల చేతికి అట్లాంటి కాగితమే వచ్చింది. పొద్దున్నే టీము వస్తదని రాత్రి మాకు ఫోన్ చేసిండ్రు. మా దగ్గర పంచాయతీలో ఇచ్చిన మంచి ఫారం ఉన్నది. ఆమె దగ్గర తెగిన ఫారం ఉన్నది. మధ్యల ఫోన్. ఇట్ల మొదలైంది పని.

మొదట్లనే చిక్కు వచ్చింది. “అక్కా, మూడో గీతల ఏం రాయాలె” అని ఆ బిడ్డ అడిగితే మేము మా కాగితంలో మూడో గీత చూసి చెప్పినం. ఆమె కాగితంలో పై అంచు పోయి రెండు గీతలు లేనే లేవు. ఆమె మూడోది మాకు ఐదోది. కొంచెం సేపటికి ఒకటి రాయాల్సిన చోట వేరేది రాసుకుంటున్నమని తెలిసింది. అప్పుడు ఆపి, ఇట్ల చేసినం. ముందుగాల పేజీలు లెక్కబెట్టుమన్నం. నాలుగు ఉండాలె. తర్వాత ప్రతి పేజీల స్పష్టంగా కనిపించే ఒక పెద్ద హెడ్డింగు పట్టుకొమ్మన్నం, ‘మహాలక్ష్మి పథకం’ అని ఉంటది చూడు, అట్లాంటిది. ఆ హెడ్డింగు నుంచి కిందికి ఒకటి, రెండు, మూడు అని పెన్సిల్‌తో నంబర్లు వేసుకొమ్మన్నం. మేము కూడా మా కాగితం మీద అట్లనే వేసుకున్నం. హెడ్డింగుకు పైనున్న గీతలకైతే హెడ్డింగు నుంచే పైకి లెక్కబెట్టినం. అంచు తెగేది పైనా పక్కనా, నడుమ హెడ్డింగు తెగదు. కాబట్టి లెక్క ఎప్పుడైనా నడుమ నుంచే మొదలుపెట్టాలె. ఇద్దరి నంబర్లు కలిసినంక ఫోన్ మాట తేలికైంది.

రెండోది ఆధార్ గడులు. “అక్కా, గడులు పదకొండే ఉన్నయి, నంబరేమో పన్నెండు అంకెలున్నది, చివరి రెండూ ఒకే గడిల ఇరికించనా” అని అడిగింది. వద్దన్నం. ఆధార్‌కు పన్నెండు, ఫోన్‌కు పది, ఇవి ఎన్నడూ మారవు. గడి తక్కువైతే అది కాగితం తప్పు. అయితే ఏ వైపు గడి తెగిందో ముందు చూడాలె. కుడి పక్క తెగితే మొదటి గడి నుంచి రాసుకుంటూ పోయి, చివరి అంకెను అంచు దగ్గర విడిగా స్పష్టంగా రాయొచ్చు. ఎడమ పక్క తెగితే మాత్రం కనిపించే మొదటి గడి అసలు రెండోది. అక్కడ మొదటి అంకె రాస్తే అన్నీ ఒక గడి జరిగిపోతయి. తెలుసుకునేది ఎట్లంటే, అదే వైపున వేరే గీతల్లో మాటల మొదటి అక్షరాలు ఉన్నయా పోయినయా చూడుమన్నం. ‘పేరు’ అని పూర్తిగా ఉంటే ఎడమ పక్క బాగున్నట్టే. ఆమె కాగితంలో ఎడమ బాగానే ఉండె, కుడి పోయింది.

మూడోది టిక్కు పెట్టే దగ్గర. అసలు భయం ఇక్కడనే. చేయూత కింద పింఛను రకాలు వరుసగా ఉంటయి, వృద్ధాప్యం, గీత కార్మికులు, బీడీ కార్మికులు, ఒంటరి మహిళ, వితంతు, చేనేత, ఇంకా కొన్ని. ప్రతి మాటకు ఒక చిన్న గడి. మంచి ఫారంల ముందు మాట, దాని తర్వాత గడి. ఆమె కాగితంల కుడి అంచు పోయింది కాబట్టి వరుసల చివరి మాటకు గడి లేదు. నడుమ ఉన్న గడి రెండు మాటల మధ్యల నిలబడ్డది. చూసేటోళ్లకు అది కుడి దిక్కు మాటదే అనిపిస్తది. ఆ బిడ్డ అట్లనే అనుకొని, వాళ్లమ్మకు ‘వితంతు’ అని టిక్కు పెట్టింది. పెట్టింది నిజానికి పక్కనున్న ‘ఒంటరి మహిళ’ గడిల.

వినేదానికి చిన్నది అనిపిస్తది. కానీ వితంతు పింఛనుకు భర్త మరణ ధ్రువీకరణ పత్రం చూస్తరు. ఒంటరి మహిళ అంటే భర్త వదిలేసినామె, లేదా పెళ్లి కానామె. విచారణకు వచ్చినోళ్లు ఆ కాగితం చూసి “నీ భర్త ఎక్కడున్నడు” అని అడిగితే ఆ అక్క ఏం చెప్పాలె? ఆమెకు అది దరఖాస్తు తప్పు ఒక్కటే కాదు, నలుగురిల తల దించుకునే మాట అయితది.

అది మాకు ఎట్ల దొరికిందంటే, టిక్కు పెట్టినంక “ఆ గడికి ఎడమ దిక్కు ఏం రాసున్నది, కుడి దిక్కు ఏం రాసున్నది, రెండూ చదువు” అన్నం. రెండు దిక్కులా మాట ఉన్నదని చెప్పింది. అప్పుడు పేజీల ఒకటే మాట, ఒకటే గడి ఉన్న గీత వెతుకుమన్నం. దివ్యాంగుల దగ్గర అట్లాంటిది దొరికింది. అక్కడ గడి మాట తర్వాత ఉన్నది. అంటే అన్నింటికీ తర్వాతనే. ఆమె పెట్టిన టిక్కు తప్పని అప్పుడు తేలింది.

ఇప్పుడు మా తప్పు చెప్తాం. గృహజ్యోతి దగ్గర అక్షరాలు నల్లగా అలుక్కుపోయినయి. “అక్కా, ‘మీటర్’ అని ఒక్కటే కనవడుతున్నది, తర్వాతది కనవడతలేదు” అన్నది. రాత్రి తొమ్మిది దాటింది, మేము అలసిపోయినం. మా చేతిల మంచి ఫారం ఉండి కూడా చూడలే. “మీటర్ అంటే మీటర్ నంబరే, గోడకున్న మీటర్ మీద చూసి రాయి” అని చెప్పేసినం. అక్కడ అడిగింది మీటర్ కనెక్షన్ సంఖ్య. అది కరెంటు బిల్లు మీద ఉంటది. బిల్లు మీద సర్వీస్ నంబరు, యూఎస్‌సీ నంబరు అని ఉంటయి చూడుండ్రి, మన ఇంటి కనెక్షన్‌ను గుర్తుపట్టేది వాటితోనే. మీటర్ డబ్బా మీద ఉన్నది ఆ డబ్బా నంబరు. డబ్బా మారితే నంబరు మారుతది.

పొద్దున ఆమె కౌంటర్ దగ్గర మంచి ఫారం అడిగి తీసుకొని, అన్నీ దాంట్ల ఎక్కించింది. వితంతు టిక్కు సరిగ్గా పడ్డది, ఆధార్ సరిగ్గా పడ్డది. మీటర్ దగ్గర మాత్రం మేము చెప్పిన నంబరే మళ్లీ ఎక్కింది. రాత్రి చెప్పిన మాటను పొద్దున ఎవ్వరూ అనుమానించలే. తప్పు కాగితం తెల్లగైనా, తప్పు తప్పే కదా.

2024 మార్చిల 200 యూనిట్ల లోపు కాల్చినోళ్లకు జీరో బిల్లులు రావడం మొదలైంది. తండాల నాలుగిండ్లకు వచ్చింది, ఆ అక్కకు రాలే. రెండు బల్బులు, ఒక ఫ్యాను, బిల్లు మామూలుగనే వచ్చింది, చేతి నుంచి కట్టింది. మమ్మల్ని ఒక్క మాట అనలే, “నా నసీబు” అన్నది. ఆ మాట మాకు ఎక్కువ తగిలింది. మేమే ఆమెను వెంటబెట్టుకొని మండల పరిషత్ ఆఫీసుల ప్రజాపాలన సేవా కేంద్రానికి పోయినం. ఆధార్, రేషన్ కార్డు, కరెంటు బిల్లు, దరఖాస్తు రశీదు చూపించి నంబరు మార్పించినం. తర్వాత నెల జీరో బిల్లు వచ్చింది.

అక్కడ పని అయ్యిందంటే రశీదు వల్లనే. అది ఫారం చివరి పేజీల కింద ఉంటది, తీసుకున్నోళ్లు నంబరు వేసి చింపి ఇస్తరు. తెగిన జిరాక్సుల్లో కింది అంచు కూడా పోతది. ఆమె రాత్రి కాగితంల రశీదు సగమే ఉండె. ఆ కాగితమే ఇచ్చి ఉంటే దాని నంబరు చేతికి రాకపోతుండె, మార్పించుకునేందుకు ఆధారం ఉండకపోతుండె. అందుకే ఇప్పుడు ఏ ఫారమైనా మేము మొదలు చివరి పేజీ కింది అంచు చూస్తున్నం. రశీదు లేకుంటే ఆ కాగితం ఇయ్యొద్దు, వేరేది తెచ్చుకోవాలె.

ఇప్పుడు మా సంఘంల పాటించే పద్ధతి ఇది. తెగిన కాగితాన్ని పారేయం, పెన్సిల్‌తో నింపి చిత్తు ప్రతి లెక్క వాడుకుంటం. ఇంట్ల కూర్చొని నంబర్లన్నీ దాంట్ల రాసుకుంటే, పొద్దున మంచి ఫారంల ఎక్కించుడు పావుగంట పని. చదవరాని గీతకు పక్కన ప్రశ్న గుర్తు పెడ్తం, ఊహించి నింపం. మంచి ఫారం చూసి ఆ మాట పూర్తిగా చదివినంకనే ప్రశ్న గుర్తు చెరిపేస్తం. ఎవరైనా ఫోన్‌ల అడిగితే, మాకు తెలుసనుకున్నదాన్ని కూడా కాగితం చూసే చెప్తం.

ఫారాన్ని ముందుకు పంపే చెల్లెళ్లకు కూడా ఒక మాట. కాగితాన్ని బల్ల మీద పరిచి, నాలుగు మూలలూ కనవడేటట్టు, నీడ పడకుండా ఫోటో తీయుండ్రి. వాట్సాప్‌లో ఫోటో లెక్క పంపితే అక్షరాలు తగ్గిపోతయి, Document అని ఉన్న దాని నుంచి పంపుండ్రి. ప్రింటు తీసే షాపుల Fit పెట్టి తీయుమని అడుగుండ్రి. ప్రింటరు కాగితం అంచు దాకా అచ్చు వేయలేదు, Fit పెడితే పేజీని కొంచెం చిన్నగ చేసి అంచులు కాపాడ్తది. జిరాక్స్ అయితే 95 శాతానికి తగ్గించి తీయుమనాలె. డబ్బులిచ్చే ముందు నాలుగు అంచులు చూసుకోవాలె, ముఖ్యంగ కింది అంచు.

ఆ అక్క ఈ రోజు మన నడుమనే కూర్చున్నది. వితంతు పింఛను దరఖాస్తు ఇంకా మంజూరు కాలే. రశీదు మాత్రం ఆమె రేషన్ కార్డు కవర్ల భద్రంగా ఉన్నది. ఆ నంబరు పట్టుకొని వచ్చే నెల మళ్లీ ఆమెతోని పోతున్నం.