ఆఫీసు ఐటీ టీమ్‌కి మన ఇంటి రూటర్ గురించి ఏం రాయాలి?

"వర్క్ ఫ్రమ్ హోమ్‌కి రూటర్‌లో ఏ సెట్టింగ్స్ పెట్టాలి?" అని ఐటీ టీమ్‌కి ఒక్క లైన్ మెయిల్ పెడితే, "ఒకసారి రీస్టార్ట్ చేయండి" అనే జవాబే వస్తుంది. వాళ్లనీ అనలేం, మన ఇంట్లో ఏముందో వాళ్లకి కనపడదు కదా.

గుంటూరు నుంచి హైదరాబాద్ కంపెనీకి పని చేసే ఫ్రెండ్ ఒకడున్నాడు నాకు. వాడికి వీపీఎన్ కనెక్ట్ అవుతుంది, మీటింగ్స్ నడుస్తాయి, ఆఫీసు షేర్డ్ ఫోల్డర్ మాత్రం తెరుచుకోదు. ఫోన్ హాట్‌స్పాట్ పెడితే అదే ఫోల్డర్ ఠక్కున వచ్చేస్తుంది! అంటే లాప్‌టాప్, పాస్‌వర్డ్ బాగానే ఉన్నాయి, తేడా ఇంటి నెట్‌వర్క్‌లోనే ఉంది.

ఇంటి వైఫై మీద, వీపీఎన్ ఆన్‌లో ఉంచి, ఫైల్ సర్వర్‌ని పింగ్ చేయించాను.

```
ping 192.168.1.50
Reply from 192.168.1.23: Destination host unreachable.
```

ఆ 192.168.1.23 ఎవరో కాదు, వాడి లాప్‌టాప్ నంబరే. ఇంటి రూటరూ 192.168.1 సిరీసే ఇస్తోంది, ఆఫీసు సర్వరూ అదే సిరీస్‌లో ఉంది. రెండు ఊళ్లలో ఒకే పేరుతో వీధి ఉన్నట్టన్నమాట. లాప్‌టాప్ ఆ సర్వర్ ఇంట్లోనే ఉందనుకుని ఇక్కడే వెతుకుతోంది, వీపీఎన్ దారిలోకి పంపట్లేదు.

మరి ఇంటి సిరీస్ మార్చేస్తే సరిపోతుందిగా అంటారా? మార్చొచ్చు. కానీ మీరు ఎంచుకున్న కొత్త సిరీస్ కంపెనీ ఇంకో బ్రాంచిలో వాడుతుంటే మళ్లీ ఇదే గొడవ. ఏది ఖాళీనో తెలిసేది ఐటీ వాళ్లకే. అందుకే వాడిచేత ఇలా రాయించాను (పంపింది ఇంగ్లీషులోనే, మీకోసం తెలుగులో చదువుతున్నాను):

"మా ఇంట్లో ఫైబర్ బాక్స్ ఒకటే, వైఫై కూడా దాన్నుంచే. బాక్స్ అడ్రస్ 192.168.1.1, మాస్క్ 255.255.255.0. వీపీఎన్ ఆన్‌లో ఉండగా 192.168.1.50 తెరుచుకోదు, హాట్‌స్పాట్ మీద తెరుచుకుంటుంది. పింగ్ ఫలితం కింద పెట్టాను. రెండూ ఒకే సిరీస్ కావడమే కారణమా? అయితే కంపెనీలో ఎక్కడా వాడని సిరీస్ ఒకటి చెప్పగలరా? రూటర్‌లో ఇంకేమైనా మార్చాలా?"

వైఫై పాస్‌వర్డ్, రూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మెయిల్‌లో రాయకండి. ఐటీ వాళ్లకి వాటితో పనే లేదు.

192.168.77 వాడుకోమని జవాబు వచ్చింది. పోర్ట్ ఫార్వర్డింగ్ ఏమీ తెరవొద్దన్నారు. కరెక్టే, ఈ వీపీఎన్ లాప్‌టాప్ నుంచి బయటికి వెళ్లే కనెక్షన్, దానికి బయటినుంచి తలుపు తీయక్కర్లేదు.

మార్చేది రూటర్ పేజీలోని లాన్ సెట్టింగ్స్‌లో. అడ్రస్ 192.168.77.1 చేసి, డీహెచ్‌సీపీ రేంజ్ కూడా అదే సిరీస్‌కి మార్చాలి. సేవ్ కొట్టగానే పేజీ ఆగిపోతుంది, కంగారు పడకండి, ఇకనుంచి కొత్త అడ్రస్‌తోనే తెరవాలి. వైఫై ఆపి మళ్లీ కలిపితే లాప్‌టాప్ కొత్త నంబర్ తీసుకుంటుంది. ప్రింటర్‌కో, కెమెరాకో పాత నంబర్ ఫిక్స్ చేసి ఉంటే అది చేత్తో మార్చుకోవాల్సిందే. మావాడి ఫోల్డర్ వెంటనే తెరుచుకుంది, ప్రింటర్‌కే ఇంకో అరగంట పట్టింది.