మందుసీసా మీద 'లేదా', 'నుంచి'



పిల్లలకు జ్వరం వస్తే మందు కొలిచి పోసేది చాలా ఇళ్లలో మనమే. సీసా మీద అక్షరాలు చదవడం కష్టం కాదు. అందులో వుండే రెండు చిన్న మాటల దగ్గరే చిక్కు వస్తుంది. అవి 'లేదా', 'నుంచి'.

"కాఫీయా, టీయా?" అని చుట్టాల్ని అడిగితే ఏదో ఒకటి చెప్పమనే మన భావం. కాని, "జ్వరం గానీ దద్దుర్లు గానీ కనిపిస్తే డాక్టరుకి చూపించండి" అన్నారనుకోండి. రెండూ కనిపించాయి కనుక చూపించనక్కర్లేదని ఎవరమూ అనుకోం. అక్కడ ఒకటైనా సరే, రెండైనా సరే. షరతు చెప్పే 'లేదా' సాధారణంగా ఈ రకం.

ఇవ్వమని చెప్పే 'లేదా' వేరు. "పారాసిటమాల్ సిరప్ లేదా మాత్ర ఇవ్వండి" అంటే ఏదో ఒకటే. రెండూ ఇస్తే ఒకే మందు రెండుసార్లు ఇచ్చినట్టు. మోతాదు బాగా మించితే కాలేయానికి ప్రమాదం. కొన్ని జలుబు మందుల్లోనూ పారాసిటమాల్ వుంటుంది. అందుకే పైపేరు ఒక్కటే చూసి వూరుకోకుండా, కింద చిన్న అక్షరాల్లో రాసిన మందుపేరు కూడా చదవండి.

ఇక అంకెల సంగతి. 5 మి.లీ.లో 120 మిల్లీగ్రాములుండే పారాసిటమాల్ సిరప్‌కి ఒక పట్టిక ఇలా వుంటుంది: 2 నుంచి 4 ఏళ్లకు ఏడున్నర మి.లీ., 4 నుంచి 6 ఏళ్లకు 10 మి.లీ. మరి నిన్ననే నాలుగేళ్లు నిండిన పాపకి ఎంత? 4 అనే అంకె రెండు వరుసల్లోనూ వుందాయె! ఇలాంటిచోట మొదటి అంకె నిండిందనీ, చివరి అంకె ఇంకా నిండలేదనీ అర్థం చేసుకోవాలి. అంటే పాపది రెండో వరుస. రైలు టిక్కెట్ల నిబంధనలో "5 నిండి 12 నిండని పిల్లలు" అని రాస్తారు చూడండి, అలా రాస్తే ఈ సందేహమే వుండదు.

అయితే మందు పనిచేసేది వయసుని బట్టి కాదు, బరువుని బట్టి. కిలోకి 15 మిల్లీగ్రాములు మించకూడదని లెక్క. పాప 16 కిలోలుంటే 240 మిల్లీగ్రాములు, అంటే 10 మి.లీ. సరిపోతుంది. బక్కపలచగా 12 కిలోలే వుంటే 180 మిల్లీగ్రాములు, అంటే ఏడున్నరే. 5 మి.లీ.లో 250 మిల్లీగ్రాములుండే సీసాలూ వున్నాయి. వాటికి ఈ కొలత పనికిరాదు.

"4 నుంచి 6 గంటలకొకసారి" అన్నచోట మాత్రం రెండు చివరలూ లెక్కలోకి వస్తాయి. నాలుగు గంటలు పూర్తయితే ఇవ్వవచ్చు, మూడున్నరకి కూడదు. అలాగని నాలుగేసి గంటలకి ఇస్తూ పోతే రోజుకి ఆరుసార్లవుతుంది. "24 గంటల్లో 4 సార్లకు మించరాదు" అన్న వాక్యం పక్కనే వుంటుంది. ఇక్కడ 'లేదా' లేదు, రెండు నియమాలూ పాటించవలసిందే.

పిల్లల్ని అత్తగారికో, పక్కింటివారికో అప్పగించి వెళ్లేటప్పుడు "నాలుగు గంటలు నిండాకే, రెంటిలో ఒకటే" అని విడమరిచి చెప్పండి. ఇంకా అనుమానముంటే మందు పొయ్యకముందే డాక్టరునో, మందులషాపులో ఫార్మసిస్టునో అడగండి.