మగ్గం డబ్బు, ఇంటి డబ్బు

రాయగడ, కొరాపుట్ జిల్లాల నేత కుటుంబాల అక్కలకు, అన్నలకు ఒక మాట.

మన ఇళ్లలో కండెలు చుట్టేది ఒకరు, నేసేది ఒకరు. డబ్బు పడేది మాత్రం ఒక్క ఖాతాలోనే. పెళ్లి ఖర్చొస్తే నూలు డబ్బూ అందులోంచే పోతుంది, మగ్గం ఆగుతుంది. అందుకే మగ్గానికో ఖాతా, ఇంటికో ఖాతా ఉండాలంటున్నాం.

చీరలమ్మితే 18,000 వచ్చిందనుకోండి. నూలుకు, రంగుకు 8,000 మగ్గం ఖాతాలోనే ఉంచండి. మిగతా 10,000 ఇంటి ఖాతాకు మార్చి, అందులో 1,000 ముందే రికరింగ్ డిపాజిట్లో వేయండి. 2,000 దాటిన ఖర్చేదైనా ఇద్దరూ ఒప్పుకున్నాకే.

ఇంటి ఖాతా ఇద్దరి పేర్లతో తెరిచేటప్పుడు ఫారంలో 'ఈదర్ ఆర్ సర్వైవర్' అని రాయించండి. ఇద్దరిలో ఎవరైనా డబ్బు తీయొచ్చు, ఒకరు పోతే రెండోవారు తీసుకోవచ్చు. 'జాయింట్లీ' అని ఉంటే ప్రతిసారీ ఇద్దరూ సంతకం పెట్టాలి. ఒకరు కన్నుమూస్తే ఇల్లు గడిచే డబ్బు కాగితాల్లో చిక్కుకుంటుంది. నామినీ పేరూ వేయించండి.

ఇంకో మాట. అర్హులైన ఆడవారికి సుభద్ర యోజన కింద ఏడాదికి వచ్చే 10,000 వారి ఒక్కరి పేరున్న ఖాతాలోనే పడుతుంది, ఉమ్మడి ఖాతా పనికిరాదు. జాయింటు తెరిచామని ఆ పాత ఖాతా మూసేయకండి. ఆ పాస్‌బుక్కు ఆమె దగ్గరే ఉండాలి.